పండుగ బహుమతి, వోచరు, ఫోను బిల్లు: కంపెనీ ఇచ్చినదానిపై పన్ను లెక్క వేసుకునే పద్ధతి

మార్చి నెలాఖరులో భీమవరంలోని మా ఆఫీసుకు ఒక యువకుడు జీతం స్లిప్పు పట్టుకుని వచ్చాడు. ఊరికి కొద్ది దూరంలో ఉన్న రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో నాణ్యత విభాగం చూస్తాడు. ఫిబ్రవరి దాకా అతని జీతంలో ఒక్క రూపాయి పన్ను కోయలేదు. మార్చి జీతంలో మాత్రం ఒక్కసారిగా 7,488 రూపాయలు తగ్గాయి.

"ఆడిటర్‌గారూ, ఏడాది మొత్తం మీద కంపెనీ నాకు ఇచ్చిన బహుమతులే 7,200 రూపాయలవి. వాటి మీద 7,488 పన్ను ఎలా పడుతుందండీ? బహుమతి కంటే పన్ను ఎక్కువ ఉంటుందా?"

లెక్క మొత్తం వేసి చూశాక, కంపెనీ తీసుకున్న అర్థం ప్రకారం ఆ అంకె సరైనదేనని తేలింది. కాకపోతే అందులో 5,200 రూపాయలు పడకుండా ఉండటానికి గట్టి ఆధారం ఉంది. మిగతా 2,288 కూడా, ఏప్రిల్‌లోనే కంపెనీ ఫోను డబ్బు ఇచ్చే పద్ధతి మార్చి ఉంటే, పడేది కాదు. ఈ వ్యాసంలో అతని లెక్కనే అంకెలతో సహా మీ ముందు పెడుతున్నాను. పేరు, కంపెనీ చెప్పడం లేదు. మీ అంకెలు పెట్టుకుని ఇదే వరుసలో వెళితే మీ లెక్క మీకు తేలుతుంది.

ముందుగా ఒక్క మాట. ఇక్కడి లెక్క 2025-26 ఆర్థిక సంవత్సరానిది, అంటే 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 వరకు అందినవాటిది. దానికి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం, 1962 నాటి నిబంధనలు వర్తిస్తాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి, ఆ తేదీ తర్వాత అందిన బహుమతికి ఎంతవరకు పన్ను ఉండదన్న పరిమితి అంకెను కొత్త నిబంధనల్లో చూసి తీసుకోవాలి. ఈ వ్యాసంలోని 5,000 అంకెను పట్టుకెళ్లి అక్కడ వాడకండి.

మొదటి పని: అందినవన్నీ తేదీలతో రాసుకోవడం

అతని చేత ముందు ఒక తెల్లకాగితం మీద అన్నీ రాయించాను. జీతం కాకుండా కంపెనీ నుంచి ఏ రూపంలో ఏది అందినా రాయమన్నాను. అయిదు పద్దులు తేలాయి.

దీపావళికి ఒక వెండి దీపం, దానితోపాటు తాపేశ్వరం కాజాల డబ్బా. కంపెనీ కొన్న బిల్లు ప్రకారం దీపం 2,300, కాజాలు 500, రెండూ కలిపి 2,800.

సంక్రాంతికి బట్టల దుకాణం వోచరు 2,500. అది ఇచ్చింది అతని భార్య పేరు మీద. ఉద్యోగుల ఇళ్లలోని ఆడవారికి చీరలు పెట్టాలని యాజమాన్యం అనుకుందట.

అదే సంక్రాంతికి కవరులో నగదు 3,000.

2026 మార్చి 19న ఉగాది రోజు, అయిదేళ్ల సేవ పూర్తయినందుకు చేతిగడియారం. బిల్లు 1,900.

ఇవి కాక ప్రతి నెలా జీతంతో కలిపి 'ఫోను, ఇంటర్నెట్ అలవెన్సు' పేరుతో 1,500. ఏడాదికి 18,000.

తేదీ ఎందుకు రాయాలంటే, బహుమతి ఏ ఆర్థిక సంవత్సరంలో అందితే ఆ సంవత్సరం కోటాలోకే వెళుతుంది. మన పండుగలు తిథుల ప్రకారం వస్తాయి గానీ పన్ను సంవత్సరం మార్చి 31తో తెగిపోతుంది. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది, 2025లో మార్చి 30న వచ్చింది. అంటే 2024-25 అనే ఒకే ఆర్థిక సంవత్సరంలో రెండు ఉగాదులు పడ్డాయి. ప్రతి ఉగాదికీ 3,000 వోచరు ఇచ్చే కంపెనీలో పనిచేసేవారికి ఆ సంవత్సరం ఉగాది వోచర్లతోనే 6,000 అయిపోయి ఉంటుంది. మన లెక్కలో మాత్రం గడియారం మార్చి 19న అందింది కాబట్టి అది 2025-26లోదే. అదే గడియారాన్ని ఏప్రిల్ మొదటి వారంలో ఇచ్చి ఉంటే తర్వాతి సంవత్సరానికి పోయేది.

రెండో పని: నగదును పక్కకు తీయడం

ఆ అయిదు పద్దుల్లో ఏది బహుమతి, ఏది జీతం అన్నది విడదీయాలి. చాలామంది తడబడేది ఇక్కడే.

5,000 రూపాయల మినహాయింపు వస్తు రూపంలో ఇచ్చిన బహుమతికి, లేదా అలాంటి బహుమతి తీసుకోవడానికి ఇచ్చిన వోచరుకు, టోకెనుకు మాత్రమే ఉంది. నగదుకు లేదు. నగదుగా మార్చుకోగలిగిన గిఫ్టు చెక్కుకూ లేదు. కాబట్టి సంక్రాంతి కవరులోని 3,000 మొదటి రూపాయి నుంచి జీతమే. కవరు మీద 'సంక్రాంతి కానుక' అని రాసి ఉన్నా లెక్క మారదు.

వోచరు విషయంలో నేను చూసేది ఒక్కటే: దానితో సరుకు మాత్రమే కొనగలమా, లేక డబ్బు కూడా తీసుకోగలమా? బట్టల దుకాణం వోచరుతో చీర కొనాల్సిందే, మిగిలిన డబ్బు చేతికి రాదు. కాబట్టి అది బహుమతి. అదే కంపెనీ ఒక ప్రీపెయిడ్ కార్డులో డబ్బు వేసి, దాన్ని ఏటీఎంలో తీసుకునే వీలు కల్పిస్తే, దాని పేరు గిఫ్టు కార్డు అయినా అది నగదే. మీ దగ్గర ఉన్న కార్డు గురించి అనుమానం ఉంటే దానితో వచ్చిన కాగితంలో నగదు తీసుకునే షరతు ఉందేమో చదవండి.

భార్య పేరు మీద ఇచ్చిన వోచరు తన లెక్కలోకి రాదని అతను అనుకున్నాడు. వస్తుంది. ఉద్యోగికి ఇచ్చినా, అతని ఇంటివారికి ఇచ్చినా ఒకటేనని నిబంధన చెబుతోంది. ఇంటివారంటే భార్య లేదా భర్త, పిల్లలు, వారి జీవిత భాగస్వాములు, తల్లిదండ్రులు, ఇంట్లో పనిచేసేవారు, ఆధారపడినవారు. కోడలికి ఇచ్చిన చీర కూడా ఉద్యోగి లెక్కలోదే.

కాజాల డబ్బా సంగతీ అడిగాడు. డ్యూటీలో ఉండగా ఇచ్చే టీ, ఫలహారం మీద పన్ను లేదు. ఇంటికి పట్టుకెళ్లమని ఇచ్చిన మిఠాయి డబ్బా అలా కాదు, పండుగ బహుమతి కిందికే వస్తుంది. తినే వస్తువు కదా అని వదిలేయడానికి నిబంధనలో చోటు లేదు. అయిదు వందలు చిన్న మొత్తమే కావచ్చు, కానీ పరిమితి దగ్గరున్నవారికి ఆ డబ్బానే గీత దాటిస్తుంది.

ఇంకొక అపోహ ఉంది. ఏడాదికి 50,000 రూపాయల దాకా బహుమతుల మీద పన్ను ఉండదని చాలామందికి తెలుసు. ఆ పరిమితి బంధువులు కానివారు, స్నేహితులు ఇచ్చేవాటికి. యజమాని ఉద్యోగికి ఇచ్చేది ఉద్యోగం వల్ల వచ్చింది కాబట్టి అది జీతం పద్దులో 'పెర్క్విజిట్', అంటే జీతంతోపాటు అందే సౌకర్యం అవుతుంది. అక్కడ 50,000 పనిచేయదు. పెళ్లి బహుమతులకు ఉన్న పూర్తి మినహాయింపు కూడా ఇంతే. మీ పెళ్లికి మేనమామ పెట్టిన ఉంగరానికి పన్ను లేదు, కంపెనీ పెట్టిన ఉంగరం మాత్రం 5,000 లెక్కలో చేరుతుంది.

ఇలా విడదీశాక అతని బహుమతుల మొత్తం: దీపం, కాజాలు 2,800, చీర వోచరు 2,500, గడియారం 1,900. కలిపితే 7,200.

మూడో పని: 5,000 పరిమితిని వర్తింపజేయడం

7,200లో పన్ను పడేది ఎంత? 2,200 మాత్రమేనా, మొత్తం 7,200నా? ఇందులో రెండు వాదనలున్నాయి. అతని మార్చి జీతంలో తేడా అంతా ఇక్కడి నుంచే వచ్చింది.

నిబంధన 3లో బహుమతుల గురించిన భాగం ఏమంటుందంటే, ఏడాదిలో అందిన బహుమతుల మొత్తం విలువ 5,000 కంటే తక్కువ ఉంటే దాన్ని సున్నాగా తీసుకోవాలి. అక్షరాలా చదివితే, 5,000 చేరగానే ఆ 'సున్నా' పోతుంది, మొత్తం విలువ పన్నులోకి వస్తుంది. జాగ్రత్త ఎక్కువగా ఉండే కంపెనీలు ఇలాగే చదువుతాయి. అతని కంపెనీ కూడా అలాగే 7,200ను మొత్తంగా కలిపింది.

కానీ 2001లో ఈ నిబంధనలను వివరిస్తూ కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఇచ్చిన 15వ నంబరు సర్క్యులర్‌లో వేరే విధంగా ఉంది. ఏడాదికి మొత్తం మీద 5,000 దాకా బహుమతులకు మినహాయింపు, ఆ పైన ఉన్నదానికి పన్ను అని దాని భావం. ఈ లెక్కన పన్ను పడేది 2,200 మీదే. బోర్డు సర్క్యులర్ పన్ను చెల్లించేవారికి అనుకూలంగా ఉంటే శాఖ అధికారులు దానికి కట్టుబడాలి. అందుకే నేను ఎవరి లెక్క వేసినా 5,000 తీసేసి మిగిలినదే కలుపుతాను. ఆ సర్క్యులర్ ప్రతిని ఫైలులో పెట్టుకుంటాను. నిబంధన మాటల్లో పేచీ ఉన్నమాట నిజమే, కానీ శాఖ తానే ఇచ్చిన వివరణను ఉద్యోగి వదులుకోవాల్సిన అవసరం లేదు.

ఒక విషయం గుర్తుంచుకోండి. 5,000 అన్నది ఒక్కో బహుమతికి కాదు, ఏడాది మొత్తానికి. అతని మూడు బహుమతుల్లో ఏదీ 3,000 దాటలేదు. విడివిడిగా చూస్తే దేనికీ పన్ను లేనట్టే కనిపిస్తుంది. కలిపి చూడాలి.

ఈ మినహాయింపు పాత పన్ను విధానంలోనూ కొత్త విధానంలోనూ ఉంది. కొత్త విధానం ఎంచుకుంటే భోజనం కూపన్ల మినహాయింపు పోతుంది. దాన్ని చూసి బహుమతులదీ పోయిందని అనుకునేవారున్నారు. అది పోలేదు.

నాలుగో పని: ఫోను డబ్బు ఏ దారిలో వచ్చిందో చూడటం

ఫోను ఖర్చుకు నిబంధన చాలా ఉదారంగా ఉంది. ఉద్యోగి తరఫున యజమాని వాస్తవంగా భరించిన టెలిఫోను ఖర్చు, మొబైల్‌తో సహా, పెర్క్విజిట్ లెక్కలోకి రాదు. దీనికి 5,000 లాంటి గీత ఏదీ లేదు. ఇది కూడా రెండు పన్ను విధానాల్లోనూ ఒకటే.

కానీ అందులో 'వాస్తవంగా భరించిన' అన్న మాటే కీలకం. బిల్లు ఇస్తే బిల్లు మేరకు కంపెనీ తిరిగి ఇవ్వడం ఒక దారి. బిల్లుతో సంబంధం లేకుండా నెలకు ఇంత అని జీతంతో కలిపి ఇవ్వడం రెండో దారి. రెండో దారిలో వచ్చింది అలవెన్సు. దాని పేరులో ఫోను ఉన్నంతమాత్రాన పన్ను తప్పదు, మొత్తం జీతమే.

మీది ఏ దారో తెలుసుకోవడం కష్టం కాదు. జీతం స్లిప్పు తీసి చూడండి. ప్రతి నెలా ఒకే గుండు అంకె పడుతోందా? ఏడాదిలో ఒక్కసారి కూడా మిమ్మల్ని బిల్లు అడగలేదా? అయితే అది అలవెన్సే. అతని స్లిప్పులో ఏప్రిల్ నుంచి మార్చి దాకా ప్రతి నెలా 1,500 తు.చ. తప్పకుండా ఉంది. నిజంగా అయిన ఖర్చు మాత్రం ఆ అంకెతో సరిపోలలేదు. పోస్ట్‌పెయిడ్ మొబైల్ 500, దానిపై 18 శాతం జీఎస్టీతో 590. ఇంట్లో ఫైబర్ ఇంటర్నెట్ 700, జీఎస్టీతో 826. కలిపి నెలకు 1,416, ఏడాదికి 16,992.

"ఆ బిల్లులన్నీ నా దగ్గర ఉన్నాయండీ. ఇప్పుడు ఇస్తే ఆ మేరకు తీసేస్తారా?" అని అడిగాడు.

తీయరు. సంవత్సరం పొడవునా అలవెన్సుగా చెల్లించి, జీతం లెక్కలో చూపించి, దాన్ని మార్చిలో తిరిగి చెల్లింపుగా పేరు మార్చలేరు. రిటర్నులో ఉద్యోగి సొంతంగా ఫోను ఖర్చు తగ్గించుకునే పద్దు కూడా లేదు. దారి ముందే వేసుకోవాలి, ఖర్చు అయ్యాక వేసేది కాదు.

ఇంటర్నెట్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నిబంధనలో ఉన్న మాట టెలిఫోను, మొబైల్. ఇంటి ఇంటర్నెట్ అన్న మాట అందులో లేదు. మొబైల్ బిల్లులో భాగంగా వచ్చే డేటాకు ఇబ్బంది లేదు, అది ఫోను బిల్లే. ఇంటికి వేసుకున్న విడి కనెక్షన్‌కు మాత్రం అది ఆఫీసు పనికోసమేనని చూపగలగాలి. అతను రాత్రి షిఫ్టుల్లో శీతల గదుల ఉష్ణోగ్రత నివేదికలు ఇంటి నుంచి చూస్తాడు, ల్యాబు ఫలితాలను ఇంటి నుంచే ఎక్కిస్తాడు. ఆ సంగతిని కంపెనీ ఒక లేఖలో రాసి, ఇంటర్నెట్ ఖర్చు అందుకోసమే భరిస్తున్నట్టు చెబితే పద్దు నిలబడుతుంది. లేఖ లేకుండా కేవలం బిల్లు పెడితే, పరిశీలనకు వచ్చినప్పుడు ఆ 826 ప్రశ్నకు గురవుతుంది.

ఇక్కడే ఇంకొక చిక్కు. కంపెనీ ఫోను బిల్లు కట్టడం వేరు, ఫోనే కొని బహూకరించడం వేరు. పండుగకు 12,000 రూపాయల హ్యాండ్‌సెట్ ఇచ్చి 'ఇక నీదే' అంటే అది ఫోను ఖర్చు కాదు, బహుమతి. 5,000 పరిమితి లెక్కలో చేరిపోతుంది.

అయిదో పని: పన్ను వేసి చూడటం

ఇప్పుడు అంకెలు. అతను కొత్త పన్ను విధానంలో ఉన్నాడు, వేరే ఆదాయం లేదు. మీకు బ్యాంకు వడ్డీ ఉంటే దాన్ని కూడా కలుపుకున్నాకే ముందుకు వెళ్లండి.

నెల జీతం 1,04,500 చొప్పున ఏడాదికి 12,54,000. దానికి ఫోను అలవెన్సు 18,000 కలిపితే 12,72,000. సంక్రాంతి నగదు 3,000 కలిపితే 12,75,000. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే సరిగ్గా 12,00,000.

2025-26లో కొత్త విధానం కింద 12 లక్షల వరకు ఆదాయం ఉన్నవారికి పన్ను మొత్తం రిబేటుగా పోతుంది. 12 లక్షల మీద శ్లాబుల ప్రకారం పన్ను 60,000, రిబేటు కూడా 60,000. అతను సరిగ్గా గీత మీద నిలబడి ఉన్నాడు. అందుకే ఫిబ్రవరి దాకా పన్ను కోయలేదు. ఉగాది గడియారం చేరాక బహుమతుల లెక్క కలపగానే గీత దాటాడు.

దాటినవారికి రిబేటు పూర్తిగా పోతుంది. కానీ కొన్ని రూపాయలు దాటినందుకు 60,000 కట్టమనడం అన్యాయం కాబట్టి చట్టం ఒక ఊరట ఇచ్చింది. దాన్ని మార్జినల్ రిలీఫ్ అంటారు. 12 లక్షలకు పైన ఎంత ఆదాయం ఉందో, పన్ను అంతకు మించకూడదు. మంచిదే, కానీ దాని రెండో అర్థం చూడండి: గీత దాటిన ప్రతి రూపాయీ పన్నుగా పోతుంది. ఆపైన 4 శాతం సెస్సు. ఆదాయం సుమారు 12,70,500 చేరేవరకు ఇదే పరిస్థితి.

కంపెనీ లెక్క ఇలా ఉంది. బహుమతులు మొత్తం 7,200 కలిపితే ఆదాయం 12,07,200. శ్లాబుల ప్రకారం పన్ను 60,000కు తోడు 7,200 మీద 15 శాతం, అంటే 1,080. మొత్తం 61,080. ఊరట వల్ల అది 7,200కు తగ్గుతుంది. దానిపై సెస్సు 288. మొత్తం 7,488. స్లిప్పులోని అంకె ఇదే. బహుమతి కంటే పన్ను ఎక్కువ పడటానికి కారణం కూడా ఇదే.

సర్క్యులర్ ప్రకారం లెక్క: 7,200లో 5,000 పోతే 2,200. ఆదాయం 12,02,200. శ్లాబుల పన్ను 60,330, ఊరట తర్వాత 2,200, సెస్సు 88. మొత్తం 2,288. రెండు లెక్కలకు తేడా 5,200.

ఇక మూడో లెక్క, ఫోను డబ్బు బిల్లుల దారిలో వచ్చి ఉంటే. 18,000 అలవెన్సు జీతంలో ఉండదు. 12,54,000కు నగదు 3,000 కలిపితే 12,57,000. స్టాండర్డ్ డిడక్షన్ పోగా 11,82,000. బహుమతుల్లో 2,200 కలిపితే 11,84,200. 12 లక్షల లోపే కాబట్టి పన్ను సున్నా.

ఈ మూడో లెక్కను నేను కావాలని కఠినంగా పరీక్షించాను. ఇంటి ఇంటర్నెట్‌ను అధికారి ఒప్పుకోలేదనుకుందాం. 826 చొప్పున 12 నెలలకు 9,912 తిరిగి ఆదాయంలో చేరుతుంది. బహుమతుల విషయంలోనూ 2,200 కాదు, మొత్తం 7,200 అన్న వాదనే నెగ్గిందనుకుందాం. 11,82,000కు 9,912, 7,200 కలిపితే 11,99,112. అప్పటికీ 12 లక్షలు దాటలేదు. రెండు పేచీల్లో ఓడినా పన్ను పడదు.

చేతికి వచ్చే డబ్బు చూస్తే, బిల్లుల దారిలో అతనికి 18,000 బదులు 16,992 వస్తుంది. 1,008 తగ్గుతుంది. దానికి బదులు 7,488 గానీ 2,288 గానీ మిగులుతుంది. మీ జీతం 12 లక్షల గీతకు చాలా కిందనో చాలా పైననో ఉంటే తేడా ఇంతగా ఉండదు. 20 శాతం శ్లాబులో ఉన్నవారికి 16,992 మీద మిగిలేది సెస్సుతో కలిపి 3,534 రూపాయలు.

ఆరో పని: కాగితాల్లో ఏముందో సరిచూసుకోవడం

జూన్ మధ్యలో కంపెనీ ఫారం 16 ఇస్తుంది. దానితోపాటు ఫారం 12బీఏ కూడా అడిగి తీసుకోండి. జీతం లక్షన్నర దాటినవారికి అది ఇవ్వాలి. చాలామంది ఫారం 16 తీసుకుని దీన్ని వదిలేస్తారు. బహుమతుల లెక్క కనిపించేది మాత్రం ఇందులోనే.

అది వరుసలున్న పట్టిక. ఇల్లు, కారు, అప్పు ఇలా సౌకర్యాలన్నీ ఒకటి తర్వాత ఒకటి ఉంటాయి. పదో వరుసలో 'బహుమతులు, వోచర్లు మొదలైనవి' అని ఉంటుంది. ఎదురుగా మూడు గడులు: నిబంధనల ప్రకారం విలువ, ఉద్యోగి నుంచి వసూలు చేసింది, పన్ను పడే మొత్తం. చివరి గడిలో అతనికి ఏముందో చూడాలి. 7,200 ఉంటే కంపెనీ మొత్తాన్నీ కలిపినట్టు. 2,200 ఉంటే సర్క్యులర్ ప్రకారం వేసినట్టు. ఇదే అంకె ఫారం 16లో పెర్క్విజిట్ల విలువ దగ్గర కూడా కనిపించాలి. రెండు చోట్లా వేర్వేరుగా ఉంటే పొరపాటు జరిగినట్టే.

సంక్రాంతి నగదు ఈ పదో వరుసలో ఉండకూడదు, అది జీతంలో ఉండాలి. రెండు చోట్లా చేరిన సందర్భాలను నేను చూశాను. అప్పుడు అదే డబ్బుకు రెండుసార్లు పన్ను పడుతుంది. జీతం స్లిప్పులన్నీ కూడి ఫారం 16లోని జీతం అంకెతో పోల్చితే ఇది బయటపడుతుంది.

అంకె 7,200 అని వచ్చినప్పుడు ఏం చేయాలి? ముందుగా కంపెనీ అకౌంట్స్ వారికి సర్క్యులర్ చూపించి సరిచేయమని అడగాలి. వారు టీడీఎస్ స్టేట్‌మెంటును సవరించి కొత్త ఫారం 16 ఇవ్వగలరు. ఇదే ఉత్తమమైన దారి. వారు ఒప్పుకోకపోతే రిటర్నులో 2,200 చూపి మిగతా 5,200 పన్ను తిరిగి అడగవచ్చు. కానీ ఫారం 16లో ఒకటి, రిటర్నులో ఒకటి ఉంటే కంప్యూటర్ ఆ తేడాను పట్టుకుని వివరణ అడిగే అవకాశం ఉంది. బహుమతుల జాబితా, బిల్లుల విలువలు, సర్క్యులర్ ప్రతి దగ్గర ఉంచుకుని గడువులోగా సమాధానం ఇవ్వగలిగినవారే ఆ దారిలో వెళ్లాలి. అతను కంపెనీని అడగడానికే నిర్ణయించుకున్నాడు.

ఏడో పని: వచ్చే సంవత్సరానికి దారి మార్చడం

ఇది ఏప్రిల్‌లో చేయాల్సిన పని. జీతం ఏ పద్దుల్లో ఇవ్వాలో కంపెనీలు సాధారణంగా అప్పుడే ఖరారు చేస్తాయి. అతని కోసం నేను రాసిచ్చిన లేఖ ఇదీ:

"అయ్యా, నాకు ప్రతి నెలా ఇస్తున్న ఫోను, ఇంటర్నెట్ అలవెన్సు 1,500 రూపాయలను నిలిపివేసి, దాని స్థానంలో నేను సమర్పించే బిల్లుల మేరకు నెలకు 1,500 రూపాయలకు మించకుండా తిరిగి చెల్లించవలసిందిగా కోరుతున్నాను. రాత్రి షిఫ్టులో నివేదికలు చూసేందుకు, ల్యాబు ఫలితాలు పంపేందుకు ఇంటి ఇంటర్నెట్‌ను వాడుతున్న విషయాన్ని ధ్రువీకరిస్తూ లేఖ ఇప్పించగలరు."

కంపెనీ ఒప్పుకున్నాక నెలనెలా క్రమం తప్పకూడదు. బిల్లు ఉద్యోగి పేరు మీద, అతను ఆఫీసులో ఇచ్చిన నంబరు మీద ఉండాలి. ప్రీపెయిడ్ వాడేవారు రీఛార్జి రసీదు దాచుకోవాలి, అందులో నంబరు, తేదీ, మొత్తం మూడూ కనిపించాలి. యాప్‌లో డబ్బు వెళ్లిన సందేశం ఒక్కటే చాలదు, అందులో ఏ నంబరుకు వెళ్లిందో చాలాసార్లు ఉండదు. ఇంట్లో నలుగురి నంబర్లూ కలిపి ఒకే ఫ్యామిలీ ప్లాను ఉంటే తన నంబరు వాటా మాత్రమే పెట్టాలి.

బిల్లు ఇవ్వని నెల సంగతి కూడా కంపెనీతో ముందే మాట్లాడుకోవాలి. కొన్ని చోట్ల ముందు 1,500 ఇచ్చేసి, మార్చిలో బిల్లులు చూసి, మిగిలినదాన్ని జీతంలో కలుపుతారు. అలా కలిపిన మొత్తానికి పన్ను పడుతుంది. ఇది న్యాయమే. కానీ 12 లక్షల గీత దగ్గర ఉన్నవారికి మార్చిలో అలా చేరే నాలుగైదు వేలు ఇబ్బంది తెస్తాయి. అందుకే ప్రతి నెలా అయిదో తేదీలోగా బిల్లులు పంపమని అతనికి చెప్పాను.

పండుగ బహుమతుల గురించి కూడా ఒక మాట అకౌంట్స్ వారితో చెప్పమన్నాను. ప్రతి ఉద్యోగికీ ఏప్రిల్ నుంచి అందిన బహుమతుల మొత్తాన్ని ఒక పట్టికలో రాస్తూ పోతే, ఉగాది నాటికి ఎవరు పరిమితి దగ్గర ఉన్నారో వారికే కనిపిస్తుంది. అప్పుడు సేవా బహుమతిని మార్చి 19న ఇవ్వాలో, ఏప్రిల్ 1 దాటాక ఇవ్వాలో యాజమాన్యం ఆలోచించుకోగలదు. అతని విషయంలో గడియారం ఏప్రిల్‌కు మారి ఉంటే బహుమతులు 5,300 దగ్గర ఆగేవి. కాజాల డబ్బా 500 కూడా లేకపోయి ఉంటే 4,800. అప్పుడు ఏ వాదన ప్రకారం చూసినా బహుమతుల మీద పన్ను సున్నా.